స్కూలు క్రాస్ కంట్రీకి దారి వేయడం ఎలా

కొన్నేళ్ల క్రితం ఒక మండల స్థాయి పోటీలో 64 మంది అమ్మాయిలను పరుగుకు వదిలాం. గీత దాటినవారు 63 మంది. ఆ సంగతి మాకు తెలిసింది బహుమతులు ఇచ్చేటప్పుడు, అదీ ఆ పిల్ల స్నేహితురాలు వచ్చి అడిగితే. ఆ దారి పక్కన గట్టు లేని వ్యవసాయ బావి ఒకటి ఉంది. నలభై నిమిషాలు అందరం దాని చుట్టూనే తిరిగాం. చివరికి ఆ పిల్ల హాస్టల్లో దొరికింది. వరి కొయ్యకాలు గుచ్చుకుని పాదం తెగితే, ఎవరికి చెప్పాలో తెలియక అడ్డదారిన నడుచుకుంటూ వెళ్లిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. దారి వేసిన వాడిది, అంటే నాది.

అప్పటి నుంచి దారి వేసేటప్పుడు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒకటే: ఈ చోట పిల్లవాడు ఆగిపోతే ఎవరికి కనిపిస్తాడు? నేల, దారి పొడవునా కాపలా నిలబడే మార్షళ్లు, దూరాలు, ముగింపు గీత అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. మీరు పల్లెటూరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులై, డిసెంబరు, జనవరి నెలల్లో వంద, రెండు వందల మంది పిల్లలతో పోటీ పెట్టాలనుకుంటే ఈ క్రమంలో వెళ్లండి.

ముందు నేలను కాళ్లతో చూడండి

పోటీకి నెల ముందు, కాగితం మీద గీతలు గీయకముందే, బడి చుట్టూ ఉన్న నేలంతా నడవండి. అన్నిటికంటే మంచిది గట్టిపడిన బీడు భూమి. ఆ తర్వాత మామిడి తోట. నీడ ఉంటుంది, నేల మెత్తగా ఉంటుంది. అయితే డ్రిప్ పైపులు ఆకుల కింద దాక్కుని ఉంటాయి, కొమ్మలు పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి. రైతును అడిగి పైపులను ఒక పక్కకు చుట్టించండి, కొమ్మలకు తెల్ల గుడ్డ కట్టండి. ఎర్రనేల మీద సన్న గులకరాళ్లు ఉన్న వాలులో మలుపు పెట్టకండి, బూట్లు ఉన్నా లేకున్నా కాలు జారుతుంది. నల్లరేగడి చేను పైకి చదునుగా కనిపించినా నెర్రెలు విచ్చి ఉంటుంది. మడమ ఇరుక్కునేంత వెడల్పు నెర్రె ఒక్కటి చాలు.

మన పిల్లల్లో చాలామంది ఉత్త కాళ్లతో పరిగెత్తుతారు. బూట్లు తప్పనిసరి అని నోటీసు పెడితే ఆ పిల్లలు రావడం మానేస్తారు తప్ప బూట్లు కొనుక్కోరు. అందుకే దారిని ఉత్త కాళ్లకు తగినట్టు వేయాలి. కోత కోసిన వరి మడిలో కొయ్యకాళ్లు ఏటవాలుగా, కత్తి మొనల్లా నిలబడి ఉంటాయి. పత్తి కట్టె పీకని చేను ఇంకా ప్రమాదం. పల్లేరు కాయలు ఎండి రాలే కాలమూ ఇదే. ఒకసారి మీరే చెప్పులు విప్పి దారంతా నడిచి చూడండి. ఎక్కడ కాలు వెనక్కి తీశారో అక్కడ దారి మార్చాలి.

కొన్నింటి పక్కన ఎంతమంది కాపలా ఉన్నా దారి వేయకూడదు. చెరువు కట్ట చూడటానికి అందంగా ఉంటుంది, కానీ ఒక పక్క నీళ్లు, మరో పక్క రాళ్లు. నలుగురు పక్కపక్కన పరిగెత్తితే ఒకరు అంచుకు వెళ్తారు. గట్టు లేని బావులు, రోడ్డు దాటాల్సిన చోట్లు, తేనెపట్టు ఉన్న చింతచెట్టు కూడా ఇదే కోవలోకి వస్తాయి. అడవి అంచు గ్రామాల్లో ఇంకో ప్రాణాంతకమైన విషయం ఉంది. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ కరెంటు తీగ వేస్తారు. అది చట్టవిరుద్ధం కాబట్టి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. అలాంటి ఊళ్లో పంట ఉన్న చేల అంచున అసలు దారి వేయకండి, ఖాళీ బీళ్లకే పరిమితం కండి.

పోటీకి వారం ముందు, పోటీ జరిగే వేళకే రెండోసారి నడవండి. ఉదయం ఆరున్నరకు మంచు ఎంత ఉంటుంది, ఎండ పిల్లల కళ్లలోకి ఎక్కడ కొడుతుంది, కుక్కలు ఎక్కడ పడుకుంటాయి అనేవి ఆ వేళకే తెలుస్తాయి.

ఒకే దారిలో అన్ని దూరాలు

వయసు విభాగాల దగ్గర చిన్న చిక్కు ఉంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్ 14, 17, 19 అని విడదీస్తుంది. అథ్లెటిక్స్ ఫెడరేషన్ లెక్క 16, 18, 20. జాతీయ క్రాస్ కంట్రీలో అండర్ 16కు 2 కిలోమీటర్లు, అండర్ 18 అమ్మాయిలకు 4, అబ్బాయిలకు 6. ఆ దూరాలు ఏడాదంతా సాధన చేసినవారికి పెట్టినవి. మీ పోటీలో సగం మంది పిల్లలు వారం ముందే పేరు ఇచ్చినవాళ్లు. బడి స్థాయికి నేను వాడేవి ఇవి: 6, 7 తరగతులకు 1 కిలోమీటరు, అండర్ 14కు 2, అండర్ 17 అమ్మాయిలకు 3, అబ్బాయిలకు 4. బాగా పరిగెత్తే పిల్ల ఎవరో తేలడానికి ఈ దూరాలు చాలు.

ఈ నాలుగు దూరాలకు నాలుగు దారులు అక్కర్లేదు. 2 కిలోమీటర్ల పెద్ద చుట్టు ఒకటి, దాన్ని మధ్యలో కోసుకుంటూ వచ్చే 1 కిలోమీటరు చిన్న చుట్టు ఒకటి వేయండి. చిన్నవాళ్లు చిన్న చుట్టు ఒకసారి. అండర్ 14 పెద్ద చుట్టు ఒకసారి. అమ్మాయిలు ముందు చిన్నది, తర్వాత పెద్దది. అబ్బాయిలు పెద్దది రెండుసార్లు. ఎవరూ రెండు చుట్లకు మించి తిరగరు కాబట్టి లెక్క తప్పదు. గ్రౌండు చుట్టూ ఎనిమిది చుట్లు తిప్పితే ఎవరు ఏడు తిరిగారో, ఎవరు ఎనిమిది తిరిగారో చెప్పగలిగిన వారిని నేను ఇంతవరకు చూడలేదు.

దూరం కొలవడానికి ఫోను మీద ఆధారపడకండి, చెట్ల కింద, మలుపుల దగ్గర తేడా వస్తుంది. సైకిలు చాలు. ముందు చక్రానికి ఎర్ర టేపు అతికించి, తొక్కే మనిషి ఎక్కి కూర్చున్నాక, సిమెంటు నేల మీద పది చుట్లు తిప్పి టేపుతో కొలవండి. బరువు పడితే టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి మనిషి ఎక్కాకే కొలవాలి. పది చుట్లకు 21.4 మీటర్లు వచ్చిందనుకోండి, ఒక చుట్టుకు 2.14 మీటర్లు. అప్పుడు 1 కిలోమీటరుకు చక్రం 467 సార్లు తిరగాలి. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పక్కన నడుస్తూ లెక్కపెట్టాలి. పదిహేను, ఇరవై మీటర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. క్రాస్ కంట్రీలో రికార్డులు ఉండవు, అందరూ ఒకే దారిలో పరిగెత్తితే చాలు.

దారి వెడల్పు 5 మీటర్లు ఉండేలా చూడండి. పొలం గట్టు మీద అంత వెడల్పు దొరకదు, అందుకే గట్ల మీద దారి వద్దంటాను. మొదటి 300 మీటర్లలో ఇరుకు చోటు అస్సలు ఉండకూడదు. చాలా బడుల్లో గ్రౌండులో మొదలుపెట్టి గేటు గుండా బయటకు పంపుతారు. అరవై మంది పిల్లలు 50 మీటర్లు ప్రాణం పెట్టి ఉరికి, 3 మీటర్ల గేటు దగ్గర ఒకరి మీద ఒకరు పడతారు. గేటు బయట బీడులో 20 మీటర్ల వెడల్పు గీత గీసి అక్కడి నుంచే వదలండి. దూరంలో తేడా వస్తే ఈ గీతనే ముందుకో వెనక్కో జరపండి.

గుర్తులకు సున్నం వాడకండి, కళ్లలో పడితే కాలుస్తుంది. ముగ్గు పిండి చాలు. పాత అంతర్జాతీయ పద్ధతిలో పరిగెత్తేవారికి ఎడమ పక్క ఎర్ర జెండాలు, కుడి పక్క తెల్ల జెండాలు ఉండేవి. అది ఇప్పటికీ మంచి పద్ధతే. పాత చీరలు చింపి కర్రలకు కడితే సరిపోతుంది. ప్లాస్టిక్ రిబ్బను ముందురోజు సాయంత్రమే కట్టి వెళ్తే తెల్లారేసరికి మేకలు తినేసి ఉంటాయి.

మార్షళ్లు

ఒక మార్షల్ నిలబడిన చోటి నుంచి తర్వాతి మార్షల్ కనిపించాలి. ఇదే లెక్క. దారి మలుపు తిరిగినా, తోట అడ్డం వచ్చినా ఇంకొకరు కావాలి. మా 2 కిలోమీటర్ల దారికి అలా 12 మంది అవసరమయ్యారు. మీ దారికి తొమ్మిది మందే దొరికితే దారిని తగ్గించండి, మార్షళ్ల మధ్య ఖాళీ పెంచకండి. ప్రమాదం ఉన్న చోట పెద్దవాళ్లు, అంటే ఉపాధ్యాయులో పూర్వ విద్యార్థులో ఉండాలి. మిగతా చోట్ల పరుగులో లేని పదో తరగతి పిల్లలను ఇద్దరిద్దరుగా పెట్టవచ్చు.

ప్రతి చోటుకూ ఒక నంబరు ఇచ్చి, మార్షల్ జేబులో చిన్న చీటీ పెట్టండి. అందులో మూడు విషయాలు చాలు. పిల్లలు ఎటు వెళ్లాలి. ఎవరైనా పడిపోతే మీరు చోటు వదలకుండా ఎర్ర గుడ్డ ఊపి ఈల వేయండి, తర్వాతి మార్షల్ దాన్ని అందుకుంటారు. ఎవరైనా పరుగు మానేస్తే వారి నంబరు, సమయం రాసుకుని మీ పక్కనే కూర్చోబెట్టండి, ఒంటరిగా వెనక్కి పంపకండి. మొదట చెప్పిన అమ్మాయి నడిచి వెళ్లినప్పుడు ఇద్దరు మార్షళ్లు చూశారు. ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే రాసుకోమని నేను చెప్పలేదు.

చివరి పిల్ల వెనక ఒక సైకిలు వెళ్లాలి. మేము దాన్ని తోక సైకిలు అంటాం. అది దాటిపోయేదాకా ఏ మార్షలూ చోటు వదలకూడదు. ఆ సైకిలు వెనక పిల్లలు ఎవరూ ఉండరు అనే నమ్మకం మీదే పోటీ అంతా నడుస్తుంది, కాబట్టి దాన్ని తొక్కే మనిషి ఓపికస్తుడై ఉండాలి. చివరి పిల్లను తొందరపెట్టే రకం పనికిరాడు.

అన్నిటికంటే కీలకమైన చోటు చిన్న చుట్టు, పెద్ద చుట్టు విడిపోయే మలుపు. మా దారిలో అది మొదలైన 400 మీటర్లకు వస్తుంది. అక్కడ ఒకే మనిషి, వెళ్లకూడని దారికి అడ్డంగా ఒకే తాడు. అమ్మాయిల 3 కిలోమీటర్ల పరుగులో మొదట అందరినీ చిన్న చుట్టులోకి పంపాలి, రెండోసారి పెద్ద చుట్టులోకి. అందరికంటే ముందున్న అమ్మాయి రెండోసారి ఆ మలుపుకు వచ్చేసరికి సుమారు ఆరు నిమిషాలు అవుతుంది. చివరి అమ్మాయి మొదటిసారి దాటేసరికి నాలుగు. తాడు మార్చడానికి మధ్యలో రెండు నిమిషాలే ఉంటాయి. మార్షల్ గడియారం చూసి ఊహించకూడదు. తోక సైకిలు మలుపు దాటగానే తాడు మార్చాలి. ఏ పరుగుకు తాడు ఎటు అన్నది అట్ట మీద రాసి అక్కడే కర్రకు కట్టండి.

అబ్బాయిల పరుగుకు ఒక హద్దు పెట్టుకోండి. మొదటి చుట్టు 14 నిమిషాల్లో పూర్తి చేయనివారిని అక్కడే ఆపి, నంబరు రాసుకోండి. లేకపోతే మొదటి చుట్టులో ఉన్నవాడూ, రెండో చుట్టు ముగిస్తున్న విజేతా ఒకేసారి గీత దగ్గరికి వస్తారు. ఈ నియమం పరుగుకు ముందే అందరికీ చెప్పండి, ఏడుపులు తగ్గుతాయి.

పోటీ రోజు ఉదయం

తెల్లవారకముందే దారంతా సైకిలు మీద ఒకసారి తిరగండి. ముందురోజు సాయంత్రం పొడిగా ఉన్న చోట తెల్లారేసరికి మోకాలి లోతు బురద ఉండటం నాకు అనుభవమే. రాత్రి కరెంటు వచ్చింది, ఆటో స్టార్టర్ పెట్టిన మోటారు దానంతట అదే తిరిగింది, మడి నిండి దారి మీదికి పారింది.

పొడవైన పరుగును ముందు పెట్టండి. అబ్బాయిల 4 కిలోమీటర్లు 6:45కు, అమ్మాయిల 3 కిలోమీటర్లు 7:20కి, అండర్ 14 పరుగు 7:50కి, చిన్నవాళ్లది 8:15కు. అతిథి రాలేదని ఎండ ఎక్కేదాకా ఆగకండి. అతిథి బహుమతులకు వస్తే చాలు. మంచు దట్టంగా ఉండి ఒక మార్షల్‌కు ఇంకొకరు కనిపించకపోతే మాత్రం అరగంట ఆగాల్సిందే.

ఏమీ తినకుండా వచ్చే పిల్లలు తప్పకుండా ఉంటారు. గంటన్నర ముందే అరటిపండు ఒక్కటైనా పెట్టండి. ఆయాసం, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నాయా అని ముందే తల్లిదండ్రుల చేత రాయించుకోండి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ గురించి కూడా అడగాలి, ఆ పిల్లలకు విపరీతమైన శ్రమ ప్రమాదకరం. 108 వాహనం మీ గ్రౌండు దాకా రాగలదో లేదో ముందే చూసి, ఏ దారిన రావాలో ఒకరికి అప్పగించండి. పరుగు మధ్యలో పిల్లవాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ కావచ్చు. వాహనం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి విసరండి. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి తరలించడం తర్వాత.

చెస్ట్ నంబర్లకు నాలుగు మూలలా పిన్నీసులు పెట్టించండి. రెండే పెడితే గాలికి మడతపడి గీత దగ్గర చదవడం కుదరదు. మొదలు గీత దగ్గరికి పిల్లలను రెండు తాళ్ల మధ్య నుంచి ఒక్కొక్కరిగా వదులుతూ లెక్కపెట్టండి. పేరు ఇచ్చినవారి సంఖ్య పనికిరాదు, గీత మీద నిలబడినవారి సంఖ్యే అసలు లెక్క.

గీత దాటాక

ముగింపు గీతకు ముందు కనీసం 100 మీటర్లు తిన్నగా, చదునుగా ఉండాలి. వాలు మీద గీత పెడితే చివర్లో ఉరికేవారు ఆగలేక పడతారు. గీత దాటిన ఎనిమిది, పది మీటర్లకు తాళ్లతో గరాటు కట్టండి. మొదట వెడల్పుగా మొదలై, ఒక మనిషి మాత్రమే పట్టేంత, అంటే 70, 80 సెంటీమీటర్ల దారిగా సన్నబడాలి. పెద్ద పోటీల్లో ఈ దారి 35 మీటర్ల పైన ఉంటుంది, అరవై మంది పిల్లలకు 20 మీటర్లు చాలు. లోపలికి వచ్చాక ఎవరూ ఎవరినీ దాటకూడదు. వరుస నిర్ణయమయ్యేది గీత మీదే, కాబట్టి ఇద్దరు కలిసి వస్తే ఎవరు ముందో గీత దగ్గరి న్యాయనిర్ణేత చేయి పట్టి ముందుకు పంపాలి. అతని చేతిలో కాగితం, కలం ఉండకూడదు, రాయడానికి తల వంచితే ఇద్దరు దాటిపోతారు.

గీత పక్కన ఇద్దరు. ఒకరు స్టాప్‌వాచ్ చూస్తూ ఒక్కొక్కరు దాటగానే సమయం పలుకుతారు, ఇంకొకరు రాస్తారు. తాళ్ల దారి చివర ఇంకో ఇద్దరు. 1 నుంచి వరుసగా నంబర్లు రాసిన అట్టముక్కలను దారానికి గుచ్చి ఉంచి, వచ్చిన ప్రతి పిల్లకూ ఒకటి ఇస్తారు, ఆ పిల్ల చెస్ట్ నంబరును దాని ఎదురుగా రాస్తారు. దారానికి గుచ్చకపోతే అట్టలు కిందపడి వరుస తప్పుతుంది. తాళ్ల మధ్య ఎవరైనా కూలబడితే పక్కకు తీయండి, కానీ ఆ పిల్లకు రావలసిన అట్టను ముందు చేతిలో పెట్టాకే వెనకవాళ్లను కదపండి.

ఇప్పుడు మీ దగ్గర రెండు కాగితాలు ఉంటాయి, ఒకదానిలో సమయాలు, ఒకదానిలో నంబర్లు. ఈ రెండూ సరిపోకపోవడమే మామూలుగా జరిగే తప్పు. సమయాల కాగితంలో 62, నంబర్ల కాగితంలో 61 ఉంటాయి. ఎవరో తమ్ముడు సరదాగా గీత దాటి ఉంటాడు. ఆ ఒక్క తేడాతో ఆ తర్వాత వచ్చిన అందరి సమయాలూ ఒక గడి జరిగిపోతాయి. దీనికి మందు సులువైనది. సమయం రాసేవారు ప్రతి పదో పిల్ల చెస్ట్ నంబరు కూడా పక్కన రాయాలి. 30వ సమయం పక్కన 117 అని ఉండి, 30వ అట్ట కూడా 117కే వెళ్లి ఉంటే అక్కడిదాకా లెక్క సరిగ్గా ఉంది. 40వ సమయం పక్కన 142 ఉండి, ఆ అమ్మాయి చేతిలో 39వ అట్ట ఉంటే, తప్పు 31కీ 40కీ మధ్య జరిగింది. ఆ పది వరుసలే చూసుకుంటే చాలు.

జట్టు పాయింట్లకు ఒక్కో బడి నుంచి మొదటి నలుగురి స్థానాలను కూడండి, తక్కువ వచ్చిన బడి గెలుస్తుంది. ఒక బడికి 2, 5, 9, 14 వచ్చి మొత్తం 30, ఇంకో బడికి 1, 6, 11, 12 వచ్చి మొత్తం 30 అయితే, నాలుగో పిల్ల ఎవరిది ముందుందో చూడాలి. 12 ముందు కాబట్టి రెండో బడిది గెలుపు. ఈ నియమాన్ని ఫలితం వచ్చాక చెబితే గొడవ ఖాయం, బోర్డు మీద ముందే రాయండి.

తోక సైకిలు గీత దాటగానే ఒక్క మనిషి, అతనొక్కడే, లెక్క చూడాలి. మొదలు గీత మీద 64. అట్టలు తీసుకున్నవారు 61. మార్షళ్ల చీటీల్లో మానేసినవారు ఇద్దరు. అంటే ఒకరు తేలలేదు. ఆ ఒక్కరు ఎక్కడున్నారో తెలిసేదాకా తర్వాతి పరుగుకు ఈల వేయకండి. గీత మీద నిలబడ్డ పిల్లలు చలికి వణుకుతూ గొణుగుతారు, హెడ్‌మాస్టరు గారు గడియారం చూపిస్తారు. ఒక స్వెట్టరు తెప్పించి ముందు వరుసలో ఉన్న చిన్నవాడికి కప్పి, మార్షళ్లకు ఫోను చేయడం మొదలుపెట్టండి.